చలిగాలి తగలగానే ముక్కు కారితే అది జలుబేనా?

ప్రశ్న: ఇంట్లో ఉన్నంతసేపూ ముక్కు బాగానే ఉంటుంది. పొద్దున్నే బయట చలిలోకి వెళ్ళిన రెండు మూడు నిమిషాలకే నీళ్ళలా కారడం మొదలవుతుంది. లోపలికి వచ్చాక కాసేపటికి దానంతటదే ఆగిపోతుంది. జ్వరం, దగ్గు లేవు. ఇది జలుబేనా? మందు వేసుకోవాలా?

జవాబు:

మీరు చెప్పిన తీరు చూస్తే ఇది ఇన్ఫెక్షన్ కాదు. చల్లటి పొడిగాలి తగిలినప్పుడు ముక్కు తనను తాను తడిగా ఉంచుకోవడానికి చేసే పని ఇది. ఆ పని కాస్త ఎక్కువైతే బయటికి కారుతుంది. మందు తప్పనిసరి కాదు. బాగా ఇబ్బంది పెడుతుంటే మాత్రం దీనికి సరిపోయే మందు ఒకటి ఉంది, పనికిరాని మందులు కూడా కొన్ని ఉన్నాయి. వాటి సంగతి చివర్లో చెబుతాను. ముందు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే, జలుబుకీ దీనికీ తేడా మీరే పట్టుకోగలుగుతారు.

మనం పీల్చే గాలి ఊపిరితిత్తులకు చేరేసరికి ఒంటి వేడికి దగ్గరగా రావాలి, నీటి ఆవిరితో నిండాలి. లేకపోతే లోపలి సున్నితమైన పొరలు ఎండిపోతాయి. ఈ పనిలో పెద్ద భాగం ముక్కే చేస్తుంది. ముక్కు రంధ్రాల లోపల పక్క గోడల నుంచి చుట్టలు తిరిగినట్టుండే ఎముకలు ముందుకు పొడుచుకుని ఉంటాయి. వీటిని టర్బినేట్లు అంటారు. వాటి మీద రక్తనాళాలు దట్టంగా ఉన్న తడి పొర కప్పి ఉంటుంది. గాలి ఆ సన్నటి సందుల్లోంచి పోతున్నప్పుడు పొర నుంచి వేడినీ నీటినీ తీసుకుంటుంది. ఒక్కో ఊపిరికి దీనికి దొరికే సమయం సెకను, రెండు సెకన్లే.

ఇందులో ఎంత నీరు ఖర్చవుతుందో ఒక లెక్క వేసి చూద్దాం. ఒకరు 22 డిగ్రీల గదిలో ఊరికే కూర్చున్నారు. గదిలో గాలి తేమ 50 శాతం. అంటే ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 10 గ్రాముల నీటి ఆవిరి ఉన్నట్టు. ఆ గాలి ముక్కు వెనక భాగానికి చేరేసరికి దాదాపు 32 డిగ్రీలకు వేడెక్కి, పూర్తిగా తేమ పట్టిందనుకుందాం. అప్పుడు అందులో దాదాపు 34 గ్రాములు ఉంటాయి. అంటే ప్రతి ఘనపు మీటరుకూ ముక్కు 24 గ్రాముల నీరు కలపాలి. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి ఏడు లీటర్ల గాలి పీలుస్తాడనుకుంటే, గంటకు అయ్యేది 10 గ్రాముల చిల్లర.

అదే మనిషి 2 డిగ్రీల చలిలోకి వచ్చి వడివడిగా నడిచాడనుకోండి. బయట గాలిలో తేమ 70 శాతం ఉన్నా, అంత చల్లటి గాలి పట్టుకోగల ఆవిరే తక్కువ కాబట్టి ఘనపు మీటరుకు ఉండేది 4 గ్రాముల లోపే. ముక్కు ఈసారి 30 గ్రాములు కలపాలి. పైగా నడకవల్ల ఊపిరి నిమిషానికి 20 లీటర్లకు పెరిగింది. గంటకు 36 గ్రాములు అవుతుంది, అంటే ఇంట్లో ఉన్నప్పటికి మూడున్నర రెట్లు. ఇందులో కొంత నీరు గాలి వదిలేటప్పుడు ముక్కు గోడల మీదే మళ్ళీ చేరుతుంది. ఆ సంగతికి తర్వాత వస్తాను, ఎందుకంటే కారే నీటిలో దానికీ వాటా ఉంది.

ఈ లెక్కలో తేలే ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. గాలిని 2 డిగ్రీల నుంచి 32కి వేడి చేయడానికి పట్టే వేడి కన్నా, ఆ నీటిని ఆవిరి చేయడానికి పట్టే వేడి దాదాపు రెట్టింపు. అందుకే ముక్కును ఎక్కువ కష్టపెట్టేది చలి ఒక్కటే కాదు, చలిగాలిలోని పొడితనం కూడా. ఒకే ఉష్ణోగ్రత ఉన్న రెండు రోజుల్లో గాలి మరింత పొడిగా ఉన్న రోజు, వడిగా నడిచిన రోజు ఎక్కువ కారడానికి కారణం కూడా ఇదే. నిలబడి ఉన్నప్పుడు ఏమీ ఉండదు, నడక మొదలెట్టగానే కారుతుంది అని చాలామంది చెప్పేది నిజమే.

ఇక కారడం ఎలా మొదలవుతుందంటే, పొర మీది నీరు వేగంగా ఆవిరైపోతే మిగిలిన పలుచటి తడిలో ఉప్పు సాంద్రత పెరుగుతుంది. పొర చల్లబడుతుంది కూడా. ఈ రెండిటినీ అక్కడి నరాల కొసలు గుర్తిస్తాయి. ముఖంలో స్పర్శను మోసే ట్రైజెమినల్ నాడి ఈ కబురును మెదడు కాండానికి చేరుస్తుంది. అక్కడి నుంచి పారాసింపథెటిక్ నాడుల ద్వారా ముక్కు గ్రంథులకు తిరుగు ఆదేశం వస్తుంది. ఆ నాడుల కొసల్లో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై గ్రంథులను తాకగానే అవి పలుచటి నీటిలాంటి స్రావాన్ని వదులుతాయి. ముల్లు గుచ్చుకుంటే కాలు వెనక్కి లాగినట్టే ఇది కూడా మన ప్రమేయం లేకుండా జరిగే ప్రతిచర్య. ఎండిపోతున్న పొరను తడపడమే దాని పని.

ఇది నాడుల ద్వారా జరిగే పనే అనడానికి గట్టి ఆధారాలు రెండున్నాయి. చల్లటి పొడిగాలిని ఒక్క ముక్కు రంధ్రంలోకే పంపినా, గాలి తగలని రెండో రంధ్రంలో కూడా స్రావం పెరుగుతుంది. కేవలం పొర దెబ్బతినడంవల్లే కారుతుంటే ఇలా జరగదు. రెండోది, ఎసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకునే మందును ముందే ముక్కులో చల్లితే కారడం బాగా తగ్గిపోతుంది. కొందరిలో దీనికి తోడు పొరలోని మాస్ట్ కణాలు, అలర్జీలో విడుదలయ్యే హిస్టమిన్ లాంటి రసాయనాలు కూడా వదులుతాయి. అలాంటివారికి చలిలో కారడంతో పాటు దిబ్బడ, మంట కూడా ఉంటాయి.

ఇప్పుడు వదిలే గాలి సంగతి. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలి వెచ్చగా, పూర్తి తేమతో ఉంటుంది. పీల్చిన గాలివల్ల అప్పటికే చల్లబడిన ముక్కు ముందు భాగానికి అది తగలగానే అందులోని ఆవిరి కొంత నీళ్ళుగా మారి గోడల మీద చేరుతుంది. ఎప్పుడూ జరిగేదే ఇది, నీరు ఆదా చేసుకునే పద్ధతి. బయట మరీ చల్లగా ఉన్నప్పుడు గోడ ఇంకా చల్లగా ఉంటుంది కాబట్టి చేరే నీరు పెరుగుతుంది, గ్రంథుల స్రావంతో కలిసి ముక్కు కొసన బొట్టుగా వేలాడుతుంది. ముక్కు చివర ఆ బొట్టు ఉప్పగా ఉన్నా, జిగట లేకుండా గాజులా తేటగా ఉండటానికి కారణం ఇదే. దీనికి ఇంకో వాటాదారు కన్ను. చలిగాలికి కళ్ళు చెమర్చితే, ఆ కన్నీళ్ళు కంటి లోపలి మూల నుంచి సన్నటి గొట్టం గుండా ముక్కులోకే దిగుతాయి. కళ్ళు బాగా నీళ్ళు కారేవారికి ముక్కు కూడా ఎక్కువ కారుతుంది.

ఇవన్నీ అందరిలోనూ జరుగుతాయి. కొందరిలో ప్రతిచర్య గట్టిగా ఉంటుంది, వారికి రుమాలు లేకుండా గడవదు. వయసు పైబడిన కొద్దీ కొందరిలో ఇది ఎక్కువవుతుంది. ముక్కు అలర్జీ ఉన్నవారిలో, ఉబ్బసం ఉన్నవారిలో కూడా ఎక్కువే. కారంగా ఉన్నది, వేడివేడిగా ఉన్నది తింటుంటే ముక్కు కారేవారు చాలామంది ఉంటారు. అది కూడా ఇలాంటి నాడుల దారిలోదే, కాబట్టి ఆ రెండూ ఒకే మనిషిలో కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

జలుబులో జరిగేది వేరు. అక్కడ వైరస్ ముక్కు పొర కణాల్లోకి చేరి పెరుగుతుంది. దానిమీద శరీరం చేసే పోరాటంలో రక్తనాళాలు వాచి, వాటిలోంచి ద్రవం పొరలోకి ఊరుతుంది. గ్రంథులు చిక్కటి శ్లేష్మం చేస్తాయి. ఇది గాలి తగిలిన నిమిషాల్లో మొదలవదు. సాధారణ జలుబు వైరస్ సోకిన తర్వాత ఒకటి నుంచి మూడు రోజులకు లక్షణాలు బయటపడతాయి. తరచుగా ముందు గొంతు గరగర, ఆ తర్వాత తుమ్ములు, నీళ్ళ ముక్కు. రెండో మూడో రోజుకు ముక్కు దిబ్బడేసి స్రావం చిక్కబడి పసుపు, ఆకుపచ్చ రంగుకు మారుతుంది. తర్వాత తగ్గుముఖం పడుతుంది. వారం పది రోజుల్లో ముక్కు సర్దుకుంటుంది. దగ్గు మాత్రం రెండు మూడు వారాలు లాగవచ్చు. పెద్దవాళ్ళలో జలుబుకు జ్వరం అంతగా రాదు కాబట్టి, జ్వరం లేదంటే జలుబు కాదు అని తేల్చేయకూడదు.

పసుపుపచ్చ చీమిడి కనబడగానే యాంటీబయాటిక్ అడగడం ఎక్కువ. ఆ రంగు బాక్టీరియాది కాదు. పోరాటానికి వచ్చిన తెల్ల రక్తకణాల్లోని ఎంజైములది. వైరస్ జలుబులో కూడా రెండో మూడో రోజున ఆ రంగు వస్తుంది. బాక్టీరియా సైనస్‌లను పట్టిందని అనుమానించాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి. పది రోజులు దాటినా ఏమాత్రం తగ్గకపోవడం, తగ్గుతూ తగ్గుతూ మళ్ళీ తిరగబెట్టడం, మూడు నాలుగు రోజులు వరసగా 39 డిగ్రీల జ్వరంతో ముఖం నొప్పి, చీములాంటి స్రావం. ఈ మూడింటిలో ఏది ఉన్నా వైద్యునికి చూపించాలి.

రెండిటినీ వేరు చేయడానికి రంగు కన్నా కాలమే మంచి గుర్తు. చలిలోకి వెళ్ళిన నిమిషాల్లో కారడం మొదలై, వెచ్చటి గదిలోకి వచ్చి అరగంట కూర్చునేలోపు పూర్తిగా ఆగిపోతే అది చలికి వచ్చిన ప్రతిచర్యే. జలుబు ఉన్నవారికి వెచ్చటి గదిలో కూడా ముక్కు కారుతూనే ఉంటుంది, లేదా మూసుకుపోతుంది. రాత్రి పడుకున్నప్పుడు దిబ్బడ పెరుగుతుంది. అందుకే పరీక్ష బయట కాదు, ఇంట్లోనే చేయాలి. లోపలికి వచ్చాక గడియారం చూసుకుని అరగంట ఆగి, ఒక్కో రంధ్రాన్ని వేలితో మూసి రెండోదానితో మెల్లగా పీల్చి చూడండి. గాలి తేలిగ్గా పోతూ, తడి లేకపోతే ఇన్ఫెక్షన్ అనుమానం దాదాపు పోయినట్టే. ఒక రంధ్రం కొంచెం బిగుసుకుని ఉందని కంగారు పడకండి. ఆరోగ్యవంతుల్లో కూడా రెండు పక్కలా పొర వంతులవారీగా ఉబ్బుతుంది. కొన్ని గంటల తర్వాత చూస్తే బిగుతు అటు మారి ఉంటుంది.

గందరగోళం వచ్చేది రెండూ ఒకేసారి ఉన్నప్పుడే. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకరికి చలికాలం అంతా పొద్దున నడకలో ముక్కు కారుతుంది, ఆఫీసుకు చేరిన పది నిమిషాలకు ఆగుతుంది. సోమవారం కూడా అంతే. మంగళవారం రాత్రి గొంతులో గరగర అనిపించింది. బుధవారం నడకలో ఎప్పటిలాగే కారింది, కానీ ఈసారి ఆఫీసులో గంట గడిచినా ఆగలేదు, తుమ్ములు తోడయ్యాయి. గురువారం కారడం తగ్గి దిబ్బడ వచ్చింది, చీమిడి చిక్కబడింది. ఈ మనిషి చలిలో తిరిగినందుకే జలుబు చేసిందనుకుంటాడు. సోమవారం వరకు జరిగింది ప్రతిచర్య. మంగళవారం రాత్రి మొదలైనది అంతకు ఒకటి నుంచి మూడు రోజుల ముందే ఎవరి నుంచో సోకిన వైరస్. బుధవారం రెండూ కలిశాయి. తేడా తెలిపింది ముక్కులో నీరు కాదు, గొంతు గరగర, ఆఫీసులో ఆగకపోవడం. చలికాలంలో జలుబులు ఎక్కువ కావడానికి జనం మూసిన గదుల్లో దగ్గరగా ఉండటం ఒక కారణం. జలుబు వైరస్‌లలో చాలావాటికి ఒంటి లోపలి 37 డిగ్రీల కన్నా ముక్కులో ఉండే 33 డిగ్రీల దగ్గరి చల్లదనం అనుకూలం. అయితే వైరస్ సోకకుండా చలిగాలి ఒక్కటే జలుబు తేలేదు.

ఒకవేళ ముక్కు, కళ్ళు, అంగిలి దురద పెడుతూ వరుస తుమ్ములు వస్తుంటే, చలితో సంబంధం లేకుండా ఇంట్లో దుమ్ము దులిపినప్పుడు కూడా అలాగే అవుతుంటే అది అలర్జీ. చలి ప్రతిచర్యలో దురద దాదాపు ఉండదు.

ఇక ఏం చేయాలి. అన్నిటికన్నా ముందు ముక్కు, నోరు కప్పేలా పలుచటి గుడ్డ లేదా మాస్క్. ఇది ముఖాన్ని వెచ్చగా ఉంచడం కోసం మాత్రమే కాదు. వదిలిన గాలిలోని వేడి, తేమ గుడ్డలో చేరి, తర్వాతి ఊపిరి పీల్చినప్పుడు తిరిగి లోపలికి వెళ్తాయి. ముక్కుకు పని తగ్గుతుంది. చలిలోకి అడుగు పెట్టకముందే కట్టుకోవాలి. కారడం మొదలయ్యాక కడితే నిమిషాల తరబడి ఫలితం కనబడదు. గుడ్డ తడిసిపోతే మార్చాలి. తడి గుడ్డ చల్లగా తగిలి మళ్ళీ అదే ప్రతిచర్యను రేపుతుంది, ఊపిరి కూడా బరువవుతుంది. మొదటి ఐదు నిమిషాలు నెమ్మదిగా నడిచి తర్వాత వేగం పెంచినా కొంత నయం. చీదేటప్పుడు ఒక్కో రంధ్రం మూసి మెల్లగా చీదండి. గట్టిగా చీదితే స్రావం సైనస్‌లలోకి, చెవి వైపుకు పోతుంది. పదేపదే తుడవడంవల్ల ముక్కు కింద చర్మం ఎర్రబడి పగిలితే, బయటికి వెళ్ళే ముందు పలుచగా వాసెలిన్ రాస్తే చాలు. లోపల పెట్టాల్సిన పని లేదు.

మందు అంటే ఇప్రాట్రోపియం ముక్కు స్ప్రే. ఎసిటైల్‌కోలిన్ గ్రంథులను తాకకుండా అడ్డుకునేది ఇదే. 0.03 శాతం స్ప్రేను సాధారణంగా ఒక్కో రంధ్రంలో రెండేసి సార్లు చల్లుతారు. అలా రోజుకు రెండు మూడు మార్లు వాడవచ్చు. చలికి కారేవారు బయటికి వెళ్ళడానికి సుమారు అరగంట ముందు వేసుకుంటే సరిపోతుంది, ప్రభావం కొన్ని గంటలు ఉంటుంది. కళ్ళలో పడకుండా చూసుకోవాలి. ఇది కారడాన్ని మాత్రమే తగ్గిస్తుంది. దిబ్బడకు, తుమ్ములకు పనికిరాదు. ముక్కు ఎండినట్టుండటం, అప్పుడప్పుడు ముక్కు నుంచి రక్తం కనబడటం దీని ఇబ్బందులు. కంట్లో ఒత్తిడి పెరిగే ఇరుకు కోణం గ్లకోమా ఉన్నవారు, ప్రోస్టేట్ సమస్యతో మూత్రం సరిగా రానివారు వైద్యుణ్ణి అడగకుండా వాడకూడదు. ఏడాదంతా వాడేది కాదు, ఇబ్బంది పెట్టే రోజుల్లో వేసుకునేది.

చాలామంది చేసే పొరపాటు మెడికల్ షాపులో దిబ్బడ తగ్గించే చుక్కలు కొనడం. ఆక్సిమెటజోలిన్, జైలోమెటజోలిన్ లాంటివి రక్తనాళాలను బిగిస్తాయి. గ్రంథుల మీద వాటికి అంత పట్టు లేదు, కారడం ఆగదు. పైగా కొన్ని రోజులు దాటి వాడుతుంటే, మందు ప్రభావం తగ్గగానే ముక్కు ముందుకన్నా ఎక్కువ ఉబ్బుతుంది, దాన్ని తగ్గించడానికి మళ్ళీ చుక్కలు వేయాల్సి వస్తుంది. అందుకే మూడు రోజులకు మించి వాడొద్దంటారు. సెటిరిజిన్, లొరాటడిన్ లాంటి అలర్జీ మాత్రలు కూడా ఈ రకం కారడాన్ని పెద్దగా ఆపవు. అవి అడ్డుకునేది హిస్టమిన్‌ను, ఇందులో దాని పాత్ర చాలామందిలో చిన్నదే. అలర్జీ కూడా ఉన్నవారికైతే వాటితో కొంత ఉపయోగం ఉంటుంది.

ఒక్క విషయం మాత్రం తప్పకుండా గమనించండి. చలికి కారితే రెండు రంధ్రాల్లోనూ కారుతుంది, వెచ్చటి చోట ఆగుతుంది. అలా కాకుండా ఒకే రంధ్రం నుంచి తేటనీరు వస్తూ, ముందుకు వంగినప్పుడు బొట్లు బొట్లుగా పెరిగి, ఉప్పగానో లోహపు రుచిగానో గొంతులోకి దిగుతుంటే, అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కారడం కావచ్చు. తలకు దెబ్బ తగిలినవారిలో, ముక్కు లేదా సైనస్ ఆపరేషన్ అయినవారిలో ఈ అనుమానం మరీ ఎక్కువ. ఒక్కోసారి ఏ దెబ్బా లేకుండా కూడా వస్తుంది. ఆ ద్రవాన్ని శుభ్రమైన చిన్న సీసాలో పట్టి ఈఎన్‌టీ వైద్యునికి ఇస్తే, బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ ఉందో లేదో ల్యాబ్‌లో చూస్తారు. ఆ ప్రోటీన్ మామూలు ముక్కు స్రావంలోనూ కన్నీళ్ళలోనూ ఉండదు, కాబట్టి అది కనబడితే తేలిపోయినట్టే. ఆ లక్షణం కనబడితే మాత్రం చలి తగ్గేదాకా చూద్దామని ఆగకూడదు. ఆ కారే దారిలోంచే క్రిములు పైకి వెళ్ళి మెదడు పొరలకు సోకే ప్రమాదం ఉంది.